ఏసీ ఇంట్లో నీళ్లు కారుస్తుంటే: డ్రెయిన్ పైపు ఎందుకు మూసుకుపోతుంది, దాన్ని జాగ్రత్తగా ఎలా తెరవాలి

గోడకు బిగించిన స్ప్లిట్ ఏసీ నుంచి నీళ్లు రావడం లోపం కాదు. ఆ నీళ్లు బయటికి పోకుండా గదిలో పడటమే లోపం. ఇండోర్ యూనిట్ లోపలి కాయిల్ మామూలుగా 10 డిగ్రీల సెల్సియస్ అటూఇటూగా చల్లగా ఉంటుంది. గదిలో గాలి దాన్ని తాకగానే అందులోని తేమ నీటిబొట్లుగా మారి, కాయిల్ రేకుల మీదుగా జారి, అడుగున ఉన్న సన్నటి ప్లాస్టిక్ ట్రేలోకి చేరుతుంది. ట్రే చివరి రంధ్రానికి తగిలించిన డ్రెయిన్ పైపు ఆ నీటిని ఇంటి బయటికి తీసుకెళ్తుంది. వాతావరణంలో తేమ ఎక్కువగా ఉన్న రోజుల్లో ఒకటిన్నర టన్ను ఏసీ గంటకు ఒకటి నుంచి రెండు లీటర్ల దాకా నీళ్లు తీస్తుంది. పొడి ఎండల్లో ఇందులో కొద్ది వంతే వస్తుంది. అందుకే ఎండాకాలమంతా బాగానే నడిచిన ఏసీ తొలి వానలు పడగానే కారడం మొదలుపెడుతుంది. పైపులో సగం అడ్డు అంతకుముందే ఉంది, దాన్ని బయటపెట్టేంత నీరు అప్పటిదాకా రాలేదంతే.

ఈ సమస్యలో గుర్తుంచుకోవాల్సిన అసలు సంగతి ఒకటుంది. గోడ ఏసీల్లో సాధారణంగా మోటారు పెట్టి నీటిని తోడరు. ట్రేలో నిలిచే రెండు మూడు సెంటీమీటర్ల లోతు నీటి బరువు, ఆ తర్వాత పైపు వాటం, ఈ రెండే నీటిని నడిపిస్తాయి. ఇంత తక్కువ బలం కాబట్టే కొంచెం జిగురు పేరుకున్నా, పైపు ఒకచోట చేతి వెడల్పంత పైకి లేచినా నీరు ఆగిపోతుంది. అడ్డు తీసేటప్పుడు కూడా ఈ సంగతే దారి చూపిస్తుంది. పైనుంచి తోసే బలం లేదు, కాబట్టి బయటి కొస నుంచి లాగాలి.

ముందు తేల్చుకోవాల్సింది: ఇది డ్రెయిన్ అడ్డేనా?

కారే ప్రతి ఏసీకీ డ్రెయిన్ పైపు మూసుకుపోయిందని అనుకోకూడదు. నీళ్లు ఎక్కడ నుంచి, ఎప్పుడు పడుతున్నాయో పది నిమిషాలు గమనిస్తే చాలావరకు తేలిపోతుంది.

ఏసీ వేసిన అరగంటకో గంటకో మొదలై, యూనిట్ అడుగు అంచు నుంచో, గాలి వచ్చే రెక్కల దగ్గర ఒక మూల నుంచో ధారగా పడుతుంటే ట్రే నిండి పొర్లుతున్నట్టు. అదే సమయంలో బయటికి వెళ్లి పైపు కొస చూడండి. గది లోపల నీళ్లు పడుతూ బయట చుక్క కూడా రాకపోతే, లేదా ఉండుండి ఒక్కో బొట్టు మాత్రమే పడుతుంటే, దాదాపు ఖాయంగా డ్రెయిన్ అడ్డే.

బయట ధార బాగానే ఉండి లోపల కూడా పడుతుంటే కారణం వేరే చోట ఉంది. యూనిట్ వెనక గోడ తడుస్తుంటే ట్రేకి పైపు అతికే చోట గానీ, వాడని రెండో రంధ్రానికి పెట్టిన రబ్బరు బిరడా దగ్గర గానీ లీకు ఉండవచ్చు. చాలా ట్రేలకు రెండు వైపులా రంధ్రాలుంటాయి. ఒకదానికి పైపు, రెండోదానికి బిరడా. సర్వీసింగ్ తర్వాత ఆ బిరడా సరిగా కూర్చోకపోవడం తరచూ జరిగేదే. రాగి గొట్టాల మీది నురుగు తొడుగు చిరిగినా గోడ వెంట నీరు జారుతుంది. గాలితో పాటు తుంపర్లు ఎగిరిపడుతుంటే కాయిల్ గానీ ఫ్యాను గానీ మురికి పట్టిందని అర్థం. తలుపులు తీసి ఉంచిన గదిలో రెక్కల మీద చెమటలా బొట్లు కడితే అది గదిలోని తేమ, పైపుతో సంబంధం లేదు.

విడిగా చెప్పుకోవాల్సింది మంచు. గాలి బలహీనంగా వస్తూ, ఫిల్టరు తీసి చూస్తే కాయిల్ మీద తెల్లగా గడ్డకట్టి కనిపిస్తే, ఏసీ ఆపగానే అది కరిగి ఒక్కసారిగా నీళ్లు పడతాయి. దీనికి ఎక్కువగా కారణం దుమ్ముతో మూసుకుపోయిన ఫిల్టరు, లేదా గ్యాస్ తగ్గడం. ఫిల్టరు కడిగి, మంచు పూర్తిగా కరిగేదాకా ఏసీ ఆపి, మళ్లీ వేసి చూడండి. మళ్లీ మంచు కడితే మెకానిక్ చూడాల్సిందే. ఈ రకంలో డ్రెయిన్ పైపును ఎంత శుభ్రం చేసినా ఫలితం ఉండదు.

పైపు మూసుకుపోయే తీరు

ఫిల్టరు ముతక దుమ్మును ఆపుతుంది కానీ సన్నటి ధూళి, బట్టల నూగు, వంటనూనె ఆవిరి దాన్ని దాటి తడి కాయిల్‌కు అతుక్కుంటాయి. నీటితో పాటు అవి ట్రేలోకి దిగుతాయి. చీకటి, తడి, కాస్త మేత ఉన్న చోట సూక్ష్మజీవులు పెరగడానికి ఇంకేం కావాలి? కొన్ని వారాల్లో ట్రే అడుగున బూడిద రంగు లేదా గోధుమ రంగు జిగురు పొర ఏర్పడుతుంది. పైపు కొస నుంచి కొన్నిసార్లు జెల్లీ ముద్దలా బయటపడేది ఇదే. మొదట ఇది ట్రే రంధ్రం దగ్గర, తర్వాత పైపు మొదటి వంపులో పేరుకుంటుంది. ముడతల పైపు అయితే ప్రతి ముడతా దానికి ఆసరా.

రెండో రకం అడ్డు బయటి కొస నుంచి వస్తుంది. కందిరీగలు మట్టితో గూడు కట్టేస్తాయి, బొద్దింకలు, బల్లులు దూరి ఇరుక్కుంటాయి, ఎండకు పెళుసుబారిన పైపు నలిగి మూతి మూసుకుంటుంది. కొస నేల మట్టిలో కూరుకుపోయినా, బకెట్ నీటిలో మునిగినా అదే ఫలితం.

మూడోది చాలామందికి తట్టనిది: పైపులో గాలి ఇరుక్కోవడం. పైపు మధ్యలో ఒకచోట వేలాడి కిందికి దిగి మళ్లీ పైకి లేస్తే ఆ పల్లంలో నీరు నిలుస్తుంది. ఆ నీటికీ ట్రే రంధ్రానికీ మధ్య గాలి బందీ అవుతుంది. కొత్త నీరు దిగాలంటే ఆ గాలి ఎదురుగా పైకి తప్పుకోవాలి. పైపు శుభ్రంగా, వెడల్పుగా ఉన్నంతకాలం నీరు అడుగున పాకుతూ, గాలి పైన జారుకుంటూ సర్దుకుంటాయి. జిగురు పట్టి దారి ఇరుకైతే రెండింటికీ చోటు చాలదు. ట్రేలోని రెండు సెంటీమీటర్ల నీటికి ఆ గాలిని నెట్టే శక్తి లేదు, కాబట్టి నీరు అంచు దాటి గదిలో పడుతుంది. లోపల పెద్ద అడ్డంటూ ఏమీ లేకుండానే ఏసీ కారడానికి కారణం ఇదే.

మొదలుపెట్టే ముందు

రిమోట్‌తో ఆపడం సరిపోదు. ఏసీకి విడిగా ఉన్న ఎంసీబీని దించండి, ప్లగ్గు ఉంటే పీకేయండి. యూనిట్ లోపల, ఎక్కువ మోడళ్లలో కుడి చివర, కరెంటు బోర్డు ఉంటుంది. పొర్లిన నీరు దాని మీద పడి ఉండవచ్చు. అక్కడ తడి కనిపించినా, ఎంసీబీ తనంతట తానే పడిపోయినా పని అక్కడే ఆపి మెకానిక్‌ను పిలవండి. బయటి యూనిట్ మూత మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ విప్పవద్దు. కరెంటు ఆపిన తర్వాత కూడా అందులోని కెపాసిటర్‌లో షాక్ కొట్టేంత విద్యుత్తు నిలిచి ఉంటుంది. డ్రెయిన్ పనికి దాని అవసరమే లేదు.

కింద ప్లాస్టిక్ పట్టా పరచి, దాని మీద పాత తువ్వాలు, ఒక బకెట్ పెట్టండి. కదలని నిచ్చెన, చేతి తొడుగులు, టార్చి, అర లీటరు కొలత ఉన్న సన్నమూతి సీసా, పాత గుడ్డ, తడి కూడా లాగగల వాక్యూమ్ క్లీనర్ కావాలి. పొడి దుమ్ముకు మాత్రమే చేసిన వాక్యూమ్‌తో నీళ్లు లాగితే నీరు మోటారులోకి పోతుంది, అది ప్రమాదం. తడి వాక్యూమ్ లేకపోతే 50 లేదా 60 మిల్లీలీటర్ల సూది లేని పెద్ద సిరంజి, దాని మూతికి సరిపోయే రబ్బరు గొట్టం కొంతవరకు పనికొస్తాయి.

పైపు కొస బాల్కనీ బయట గోడ మీదో, పై అంతస్తు కిటికీ కిందో ఉండి, వంగి అందుకోవాల్సి వస్తే ఈ పని మీరు చేసేది కాదు.

అడ్డు తీయడం

మొదటి పని బయటి కొస దగ్గర. కంటికి కనిపించే మట్టి, గూడు, ఆకులు తీసేయండి. కొస నీటిలో ఉంటే బయటికి తీయండి. నలిగిన మూతిని రెండు మూడు సెంటీమీటర్లు కత్తిరించండి. కొన్నిసార్లు ఇంతటితోనే నిలిచిన నీరంతా భళ్లున దిగుతుంది. మొహం పక్కకు పెట్టుకోండి.

రాకపోతే వాక్యూమ్. ముందుగా అందులోని పొడి దుమ్ము ఫిల్టరు తీసేయండి, లేకపోతే తడిసి పాడవుతుంది. వాక్యూమ్ మూతి పైపు కంటే వెడల్పుగా ఉంటుంది కాబట్టి రెండూ కలిసే చోట తడిగుడ్డ గట్టిగా చుట్టి, చేత్తో బిగించి పట్టుకోండి. గాలి పక్క నుంచి పోతే లాగుడు ఉండదు. వాక్యూమ్‌ను పొడి నేల మీద, ప్లగ్గును నీటికి దూరంగా ఉంచి అర నిమిషం నుంచి నిమిషం దాకా నడపండి. ఆపి, డబ్బా తెరిచి చూడండి. నీటితో పాటు జిగురు ముద్దలు వచ్చాయంటే పని సాగుతోంది. ఇలా మూడుసార్లు చేయండి. అడ్డు కదిలినప్పుడు శబ్దం మారుతుంది. బరువుగా మూలిగే మోటారు ఒక్కసారి తేలికపడి, పైపులో గలగల వినిపిస్తుంది.

సిరంజితో చేసేవారు గొట్టాన్ని పైపులోకి వీలైనంత దూరం పోనిచ్చి, నిదానంగా లాగుతూ పలుమార్లు చేయాలి. నోటితో పీల్చవద్దు. ఆ జిగురు నిండా సూక్ష్మజీవులే. గాలి పంపు, బ్లోయర్ పెట్టి కింది నుంచి ఊదడం కూడా మంచిది కాదు. మురికంతా తిరిగి ట్రేలోకి ఎగదన్ని కాయిల్ మీద, బోర్డు మీద చిమ్ముతుంది. అంతకంటే పెద్ద ప్రమాదం, గోడ లోపల పైపు అతుకు ఊడిపోవడం. అప్పటిదాకా గదిలో పడిన నీరు ఆ తర్వాత కంటికి కనబడకుండా గోడలోకి ఇంకుతుంది. ఇనుప తీగ పొడవడం కూడా ఇలాంటిదే. పల్చటి ముడతల పైపుకు అది సులువుగా చిల్లు పెడుతుంది. ఏదైనా దూర్చాల్సి వస్తే, కొస గుండ్రంగా చేసిన మెత్తటి నైలాన్ తీగను బయటి నుంచి తిప్పుతూ పంపండి, గట్టిగా తగిలిన చోట ఆపండి.

ఇక లోపలి నుంచి కడగడం. ముందు మూత ఎత్తి ఫిల్టర్లు తీసి సబ్బు నీటితో కడిగి ఆరబెట్టండి. సీసాలో అర లీటరు గోరువెచ్చని నీరు తీసుకుని, కరెంటు బోర్డుకు దూరంగా ఉన్న వైపు, కాయిల్ కింది అంచు మీద సన్నటి ధారగా పోయండి. రెండు మూడు నిమిషాలు పట్టాలి. ఇంకొకరు బయట కొస దగ్గర గిన్నె పట్టుకుని కొలవాలి. ట్రే పొర్లే సూచన కనిపిస్తే వెంటనే ఆపి మళ్లీ వాక్యూమ్‌కు వెళ్లండి. మరిగే నీళ్లు వద్దు, ట్రే, పైపు రెండూ ప్లాస్టిక్, మెత్తబడి వంగుతాయి.

నీరు దారిలో పడ్డాక జిగురు పొరను వదిలించడానికి వంటింటి తెల్ల వెనిగర్ 100 మిల్లీలీటర్లను అంతే నీటితో కలిపి అదే చోట పోయండి. అరగంట ఆగి, లీటరు నుంచి రెండు లీటర్ల మామూలు నీటితో విడతలుగా కడిగేయండి. వెనిగర్ పూర్తిగా మూసుకున్న పైపును తెరవదు. తెరిచిన పైపులో మిగిలిన పొరను వదులు చేయడానికే అది. అందుకే ముందు లాగడం, తర్వాతే ఇది.

బాత్రూమ్ పైపుల కోసం అమ్మే ఘాటైన క్లీనర్లు, కాస్టిక్ సోడా, యాసిడ్ దగ్గరికి రానీయవద్దు. కాయిల్ రేకులు అల్యూమినియం. కాస్టిక్ సోడా వాటిని తినేస్తుంది, పైగా హైడ్రోజన్ వాయువు పుడుతుంది. బ్లీచింగ్ ద్రావణం కూడా లోహాన్ని తింటుంది. దాన్ని వెనిగర్‌తో కలిపితే క్లోరిన్ వాయువు వెలువడుతుంది, ఏసీ కోసం తలుపులు మూసి ఉంచిన గదిలో అది ఊపిరితిత్తులకు నేరుగా హాని. ఒకరు ఉదయం బ్లీచింగ్ పోసి, మరొకరు సాయంత్రం తెలియక వెనిగర్ పోసినా మిశ్రమం మిశ్రమమే.

ఒక కేసు వివరంగా

పడకగదిలో ఒకటిన్నర టన్ను ఏసీ. డ్రెయిన్ పైపు నాలుగు మీటర్ల దూరం నడిచి బాల్కనీలో బకెట్‌లోకి దిగుతుంది. రాత్రి పదకొండుకు వేస్తే తెల్లవారుజామున మూడు ప్రాంతంలో ఎడమ మూల నుంచి కారడం మొదలవుతుంది. పగలు గంటో రెండు గంటలో నడిపి చూస్తే కారదు. మెకానిక్ పగలే వచ్చి, చూసి, ఏమీ లేదని వెళ్లిపోతాడు.

ఇక్కడ అనుమానించాల్సింది బకెట్‌ను. పైపు కొస బకెట్ అడుగు నుంచి 10 సెంటీమీటర్ల ఎత్తులో వేలాడుతోంది. బకెట్ వ్యాసం 28 సెంటీమీటర్లు, అంటే కొస మునగడానికి సుమారు ఆరు లీటర్లు కావాలి. గంటకు లీటరున్నర చొప్పున వస్తే నాలుగు గంటలు. పదకొండుకు నాలుగు కలిపితే మూడు. పగలు బకెట్ ఖాళీగా ఉంటుంది, కొస గాలిలో ఉంటుంది, ఏసీ కారదు.

కానీ కొస మునిగినంత మాత్రాన ప్రతి ఏసీ కారదు. ఇక్కడ పైపు లోపలా జిగురుంది, బాల్కనీ గోడ దాటే చోట పల్లమూ ఉంది. కొస మునగగానే గాలి బయటికి పోయే దారి మూసుకుంది, పైకి తప్పుకునే దారి జిగురుతో ఇరుకైంది. కొసను బకెట్‌లోంచి తీసి పరీక్షకు అర లీటరు పోస్తే, ఐదు నిమిషాల్లో బయటికి వచ్చింది 200 మిల్లీలీటర్లే. వాక్యూమ్ మూడుసార్లు పెట్టాక గుప్పెడు జిగురు వచ్చింది. మళ్లీ పోసిన అర లీటరులో మూడు నిమిషాలకే 450 మిల్లీలీటర్లు దాటింది. మిగిలింది ట్రేను, పైపు గోడలను తడపడానికి పట్టేదే, దాని గురించి బెంగ అక్కర్లేదు. చివరగా పల్లం ఉన్న చోట పైపును గోడకు బిగించి, కొసను బకెట్ అంచుకు పైన కట్టారు. పైపు శుభ్రం చేసి వీటిని వదిలేసి ఉంటే, జిగురు మళ్లీ పట్టే దాకా కొన్నాళ్లు బాగుండి, తిరిగి అదే మూడు గంటలకు కారేది.

తిరిగి మూసుకోకుండా

పైపు పొడవునా ఎక్కడా పైకి లేవకుండా, మీటరుకు కనీసం ఒక సెంటీమీటరు వాటం ఉండాలి. చేత్తో తడుముతూ యూనిట్ నుంచి కొస దాకా వెళ్తే పల్లాలు తెలిసిపోతాయి. యూనిట్ కూడా రసమట్టం పెట్టి చూడండి. పైపు ఉన్న వైపు నుంచి వ్యతిరేక దిశకు వాలి ఉంటే ట్రేలో నీరు రెండో మూలకు చేరి అక్కడి నుంచి పొర్లుతుంది. కొస ఎప్పుడూ నేలకు, నీటికి కనీసం ఐదు సెంటీమీటర్లు పైన ఉండాలి. పురుగుల కోసం సన్నటి జాలీ కట్టడం తెలివైన పనిలా కనిపిస్తుంది కానీ ఆ జాలీకే జిగురు పట్టి కొత్త అడ్డవుతుంది. కట్టాలనుకుంటే పెద్ద కళ్ల జాలీ కట్టి నెలకోసారి చూడండి.

ఏసీ రోజూ నడిచే కాలంలో ఫిల్టర్లు రెండు వారాలకోసారి కడగాలి. తేమ కాలంలో నెలకోసారి అర లీటరు నీటి పరీక్ష చేస్తే, కారకముందే దారి ఇరుకవుతున్న సంగతి కొలతలోనే తెలుస్తుంది. సీజన్ చివర ఏసీని అరగంట ఫ్యాన్ మోడ్‌లో నడిపి కాయిల్, ట్రే ఆరనివ్వండి.

మెకానిక్‌కు వదలాల్సినవి

మూడుసార్లు లాగినా వాక్యూమ్ డబ్బాలోకి చుక్క నీరు రాకపోతే పైపు నలిగి అయినా ఉండాలి, ట్రే దగ్గర ఊడి అయినా ఉండాలి. రెండోదానికి గుర్తు, లాగుతున్నంతసేపూ మోటారు ఏ బరువూ లేకుండా తేలిగ్గా నడవడం, ఉత్త గాలే రావడం. లోపల పోసిన నీరు బయటికీ రాక, గదిలోనూ పొర్లక మాయమైతే అది గోడలోకి పోతోంది. ఆ క్షణమే పోయడం ఆపి, బాగుచేసేదాకా ఏసీ వేయవద్దు. ట్రే చిట్లినా, జిగురు ట్రే వెనక భాగంలో పేరుకున్నా యూనిట్ విప్పాల్సిందే. మెకానిక్ వచ్చినప్పుడు మీరు కొలిచిన అంకెలు చెప్పండి: ఎంత పోశారు, ఎంత వచ్చింది, ఎన్ని నిమిషాల్లో, ఏసీ వేసిన ఎంతసేపటికి ఏ మూల నుంచి కారింది. పని పూర్తయ్యాక అతని ఎదుటే అర లీటరు పోయించి, బయట ఎంత వచ్చిందో చూసుకోండి.